యూపీఐలో డబ్బు కట్ అయింది, అవతలివారికి చేరలేదు: బ్యాంకుకు ఎప్పుడు, ఎలా ఫిర్యాదు చేయాలి?

శుక్రవారం సాయంత్రం 6.40 గంటలు. నల్గొండలో కుట్టుపని చేసే ఒక తల్లి, విజయవాడలో చదువుకుంటున్న కుమార్తె ఖాతాకు 12,000 రూపాయలు యూపీఐ ద్వారా పంపారు. హాస్టల్ ఫీజు కట్టడానికి సోమవారమే ఆఖరు రోజు. పిన్ నొక్కారు, తెరపై చక్రం తిరుగుతూ ఉండిపోయింది. కొద్ది సెకన్లకు ఆమె ఫోన్‌కు బ్యాంకు నుంచి సందేశం వచ్చింది. ఖాతా నుంచి 12,000 రూపాయలు డెబిట్ అయ్యాయని అందులో ఉంది. యాప్‌లో మాత్రం Pending అని కనిపిస్తోంది. కుమార్తెకు ఫోన్ చేస్తే, ‘‘ఇంకా రాలేదమ్మా’’ అంది.

ఇది మన అవగాహన కోసం తీసుకున్న ఉదాహరణ. కానీ యూపీఐ వాడేవారిలో చాలామందికి ఏదో ఒకనాడు ఎదురైన పరిస్థితే ఇది. ఇలాంటప్పుడు బ్యాంకుకు వెళితే ‘‘సర్వర్ సమస్య, రెండు మూడు రోజుల్లో అదే వస్తుంది’’ అనే సమాధానం తరచూ వినిపిస్తుంది. చాలాసార్లు నిజంగానే డబ్బు వెనక్కి వస్తుంది కూడా. అయితే ఎన్ని రోజుల్లో రావాలన్నది బ్యాంకు ఇష్టానికి వదిలేసిన విషయం కాదు. భారతీయ రిజర్వు బ్యాంకు దానికి గడువు నిర్ణయించింది. ఆ గడువు దాటితే రోజుకు ఇంత అని ఖాతాదారుకు పరిహారం కూడా చెల్లించాలని ఆదేశించింది.

ఈ గడువును వాడుకోవాలంటే ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. కట్ అయిన డబ్బు ఆ సమయంలో ఎక్కడ ఉంది?

డబ్బు ఎక్కడ ఆగిపోతుంది?

చూసేవారికి యూపీఐ చెల్లింపు ఒకే అడుగులా కనిపిస్తుంది. లోపల మాత్రం అది రెండు వేర్వేరు పనులు. మొదటిది, పంపేవారి బ్యాంకు వారి ఖాతా నుంచి సొమ్ము తీయడం. రెండోది, అందుకునేవారి బ్యాంకు ఆ సొమ్మును వారి ఖాతాలో జమ చేయడం. ఈ రెండింటి మధ్య సందేశాలు అటూ ఇటూ చేరవేసేది జాతీయ చెల్లింపుల సంస్థ, అంటే ఎన్‌పీసీఐ. 2016లో యూపీఐని ప్రారంభించిందీ, నడుపుతున్నదీ ఈ సంస్థే. మన ఫోన్‌లోని యాప్ మన ఆదేశాన్ని ఎన్‌పీసీఐకి చేరుస్తుంది. ఎన్‌పీసీఐ ముందుగా మన బ్యాంకును ‘ఇంత సొమ్ము తీయండి’ అని అడుగుతుంది. ‘తీశాం’ అనే జవాబు వచ్చాక అవతలి బ్యాంకును ‘ఇంత సొమ్ము జమ చేయండి’ అని కోరుతుంది. అక్కడి నుంచి ‘చేశాం’ అనే జవాబు వస్తే, మన తెరపై పచ్చని టిక్ గుర్తు కనిపిస్తుంది.

ప్రతి జవాబుకూ కొన్ని సెకన్ల గడువే ఉంటుంది. ఆ గడువులోగా జవాబు రాకపోతే లావాదేవీ మధ్యలో నిలిచిపోతుంది. ఎక్కడ నిలిచిపోయిందన్న దాన్ని బట్టి రెండు రకాల చిక్కులు వస్తాయి.

మొదటి రకంలో, మన బ్యాంకు ఖాతా నుంచి సొమ్ము తీసింది కానీ ‘తీశాం’ అనే జవాబు ఎన్‌పీసీఐకి సమయానికి చేరలేదు. అప్పుడు లావాదేవీ విఫలమైనట్లు నమోదవుతుంది, యాప్‌లో Failed అని కనిపిస్తుంది. అవతలి బ్యాంకును ఎవరూ ఏమీ అడగనే లేదు. కాబట్టి మన డబ్బు మన బ్యాంకు గడప దాటలేదు. తాను తీసిన సొమ్మును తానే తిరిగి ఖాతాలో వేయాల్సిన బాధ్యత ఆ బ్యాంకుదే. ఇలాంటి కేసుల్లో సొమ్ము సాధారణంగా త్వరగానే వెనక్కి వచ్చేస్తుంది.

రెండో రకం కాస్త మొండిది. మన బ్యాంకు సొమ్ము తీసింది, ఆ సంగతి చెప్పింది. అవతలి బ్యాంకుకు జమ చేయమనే సందేశం కూడా వెళ్లింది. కానీ అది జమ చేసిందో లేదో జవాబు రాలేదు. ఇక్కడ వ్యవస్థ తొందరపడి డబ్బును వెనక్కి ఇవ్వదు. ఎందుకంటే అవతలి బ్యాంకు నిజానికి జమ చేసి, జవాబు మాత్రమే దారిలో పోయి ఉండవచ్చు. అప్పుడు వెనక్కి ఇస్తే ఒకే సొమ్ము ఇద్దరికీ అందినట్లవుతుంది. అందుకే ఇలాంటి లావాదేవీని ప్రస్తుతానికి పూర్తయినట్లే భావించి, బ్యాంకుల మధ్య లెక్కల్లో ఆ సొమ్మును అవతలి బ్యాంకుకు చేరుస్తారు. ఆ తర్వాత అవతలి బ్యాంకు తన పద్దులు సరిచూసుకుని రెండింటిలో ఒకటి తేల్చాలి. ఖాతాలో జమ చేశామని ధ్రువీకరించాలి, లేదా సొమ్మును తిరిగి పంపాలి.

నల్గొండ తల్లి తెరపై కనిపించిన Pending అనే మాటకు చాలావరకు అర్థం ఇదే. అంటే ఆ 12,000 రూపాయలు ఇప్పుడు ఆమె బ్యాంకు దగ్గర ఉండకపోవచ్చు. కుమార్తె బ్యాంకు దగ్గర, ఎవరి ఖాతాలోనూ చేరకుండా ఉండవచ్చు. బ్యాంకు శాఖలోని ఉద్యోగి ‘‘మా దగ్గర సక్సెస్ అని చూపిస్తోంది’’ అని అన్నప్పుడు ఆయన అబద్ధం చెబుతున్నట్లు కాదు. ఆయన తెరపై నిజంగానే అలా కనిపిస్తుంది. కాకపోతే, అది డబ్బు చేరిందనడానికి రుజువు కాదు.

ఇందులోనే మరో జాగ్రత్త కూడా ఉంది. Pending అని ఉన్నంతసేపూ ఆ సొమ్ము అవతలి ఖాతాలో జమ అయ్యే అవకాశం కూడా మిగిలే ఉంటుంది. కంగారుపడి వెంటనే రెండోసారి పంపితే, రాత్రికి రెండూ చేరవచ్చు. అవతల ఉన్నది సొంత కుమార్తె అయితే ఫర్వాలేదు. ముక్కూ మొహం తెలియని ఇంటి యజమానో, సెకండ్ హ్యాండ్ బండి అమ్మిన వ్యక్తో అయితే ఆ రెండో విడత సొమ్మును రాబట్టుకోవడం వేరే కథ అవుతుంది.

ఫిర్యాదుకు ముందు ఒక్కసారి చూసుకోవాల్సింది

‘రాలేదు’ అనే మాట చాలాసార్లు ‘సందేశం రాలేదు’ అనే అర్థంలో వాడుతుంటారు. ఎస్ఎంఎస్ ఆలస్యం కావడం, అసలు రాకపోవడం మామూలే. కాబట్టి అందుకునేవారు ఖాతా నిల్వ చూసి సరిపెట్టుకోకుండా, ఆ తేదీకి చెందిన లావాదేవీల జాబితాను తెరిచి చూడాలి. వీలైతే పాస్‌బుక్ నమోదు చేయించుకోవాలి.

మరో సంగతి ఇంతకంటే తరచుగా జరుగుతుంది. ఒకే మొబైల్ నంబరుతో రెండు మూడు బ్యాంకు ఖాతాలు ఉన్నవారు ఇప్పుడు చాలామంది. వేర్వేరు యాప్‌లలో వేర్వేరు ఖాతాలను అనుసంధానం చేసుకుని ఉంటారు. ఏ యూపీఐ ఐడీకి ఏ ఖాతా ప్రధానంగా ఉందో వారికే గుర్తుండదు. ఎప్పుడో ఉపకార వేతనం కోసం తెరిచిన ఖాతాలో డబ్బు పడి ఉంటుంది, వారు మాత్రం రోజూ వాడే ఖాతా చూసుకుని రాలేదంటారు. పంపినవారి యాప్‌లో ఆ లావాదేవీ వివరాలు తెరిస్తే, డబ్బు ఏ యూపీఐ ఐడీకి వెళ్లిందో ఉంటుంది. చాలా యాప్‌లు అవతలి బ్యాంకు పేరు కూడా చూపిస్తాయి. దాన్ని అవతలివారికి పంపి, ‘‘ఈ బ్యాంకు ఖాతాలో చూశారా?’’ అని అడగడానికి రెండు నిమిషాలు చాలు. ఫిర్యాదు చేశాక వారం రోజులకు ఈ సంగతి బయటపడితే అందరి సమయమూ వృథా.

అదే పుటలో 12 అంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. కొన్ని యాప్‌లలో దాన్ని UPI transaction ID అనీ, కొన్నింటిలో UTR అనీ, బ్యాంకు స్టేట్‌మెంట్లలో RRN అనీ రాస్తారు. పేరు ఏదైనా, రెండు బ్యాంకులూ, ఎన్‌పీసీఐ ఆ లావాదేవీని గుర్తుపట్టేది ఈ సంఖ్యతోనే. యాప్ తన సొంత లెక్క కోసం ఇచ్చే, అక్షరాలూ అంకెలూ కలిసిన పొడవైన సంఖ్య కూడా పక్కనే ఉండవచ్చు. అది బ్యాంకు శాఖలో అంతగా పనికిరాదు. ఫిర్యాదులో ఈ 12 అంకెలు తప్పుగా రాస్తే, మిగతా వివరాలన్నీ సరిగ్గా ఉన్నా ‘అలాంటి లావాదేవీ కనిపించలేదు’ అనే జవాబు వచ్చే ప్రమాదం ఉంది.

గడువును ఎలా లెక్కించాలి?

విఫలమైన చెల్లింపుల విషయంలో బ్యాంకులు ఎన్ని రోజుల్లో స్పందించాలో ఒకే తీరుగా నిర్దేశిస్తూ రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబర్ 20న ఒక సర్క్యులర్ జారీ చేసింది. ఏటీఎంలు, కార్డులు, ఐఎంపీఎస్, యూపీఐ అన్నింటికీ అందులో వేర్వేరు గడువులు ఉన్నాయి. లావాదేవీ జరిగిన తేదీని అందులో ‘టి’ అనే అక్షరంతో సూచించారు.

ఒకరి ఖాతా నుంచి మరొకరి ఖాతాకు పంపిన సొమ్ము అవతల జమ కాకపోతే, అవతలి బ్యాంకు దాన్ని ‘టి ప్లస్ 1’, అంటే మరుసటి రోజులోగా తనంతట తానుగా వెనక్కి పంపాలి. అదే దుకాణదారుకు చెల్లించినప్పుడు, మన ఖాతాలో డబ్బు కట్ అయి దుకాణానికి ధ్రువీకరణ రాకపోతే, గడువు ‘టి ప్లస్ 5’. ఈ గడువులు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున ఖాతాదారుకు పరిహారం ఇవ్వాలి. ఆగిపోయింది 200 రూపాయలైనా, 20,000 రూపాయలైనా పరిహారం రోజుకు అదే వంద.

నల్గొండ ఉదాహరణను ఈ లెక్కలో పెట్టి చూద్దాం. డబ్బు కట్ అయింది శుక్రవారం. మరుసటి రోజు శనివారం. ఆ రోజు ముగిసేలోగా సొమ్ము తిరిగి రావాలి. రాలేదు. ఆదివారం, సోమవారం, మంగళవారం గడిచాయి. బుధవారం నాడు 12,000 రూపాయలు ఆమె ఖాతాలో తిరిగి పడ్డాయి. శనివారం దాటాక ఆదివారం నుంచి బుధవారం వరకు నాలుగు రోజుల ఆలస్యం. కాబట్టి ఆమెకు రావాల్సింది 12,000 రూపాయలతో పాటు మరో 400 రూపాయలు.

ఇక్కడ బ్యాంకు కౌంటర్ల దగ్గర ఒక వాదన వినిపించవచ్చు. మధ్యలో ఆదివారం వచ్చింది, పనిదినాలే లెక్కలోకి వస్తాయని చెప్పవచ్చు. సర్క్యులర్ ఆ మాట అనలేదు. ‘టి’ అంటే క్యాలెండర్ తేదీ అని అందులో స్పష్టంగా ఉంది. ఆదివారమైనా, పండుగైనా లెక్కలో ఉన్నట్లే. యూపీఐ ఆదివారం పనిచేస్తున్నప్పుడు గడువు మాత్రం ఆదివారం సెలవు తీసుకోవడం ఎలాగూ కుదరదు.

పరిహారం కోసం ఖాతాదారు విడిగా దరఖాస్తు చేయాల్సిన పని కూడా లేదు. ఫిర్యాదు కోసమో, అభ్యర్థన కోసమో ఎదురుచూడకుండా బ్యాంకులే దాన్ని జమ చేయాలని సర్క్యులర్ చెబుతోంది. ఆచరణలో అన్నిసార్లూ అలా జరగకపోవచ్చు. అందువల్ల సొమ్ము తిరిగి వచ్చినంత మాత్రాన ఫిర్యాదును మరిచిపోకుండా, పక్కన పరిహారం కూడా పడిందేమో స్టేట్‌మెంట్‌లో చూసుకోవాలి.

ఈ నియమానికి కొన్ని హద్దులు ఉన్నాయి. ఖాతాదారు తప్పు లేకుండా, అంటే సమాచార వ్యవస్థలో అంతరాయం వల్లనో, గడువు మీరిపోవడం వల్లనో ఆగిపోయిన లావాదేవీలకే ఇది వర్తిస్తుంది. అలాగే, యూపీఐ విషయంలో సర్క్యులర్ మాట్లాడేది సొమ్ము వెనక్కి రావడం గురించే. వెనక్కి రాకుండా, నాలుగు రోజుల తర్వాత అవతలి ఖాతాలోనే జమ అయితే పరిహారం ఇవ్వాలా అన్నది ఆ పట్టికలో విడిగా చెప్పలేదు. అలాంటప్పుడు అడగడంలో తప్పు లేదు గానీ, 400 రూపాయల లెక్కంత తేలిక కాదు.

ఫిర్యాదు మొదట ఎవరికి ఇవ్వాలి?

యూపీఐ నియమాల ప్రకారం ఫిర్యాదుకు ఒక వరుస ఉంది. మొదట యాప్‌లో, తర్వాత ఆ యాప్‌కు వెనుక ఉన్న బ్యాంకుకు, ఆ తర్వాత మన ఖాతా ఉన్న బ్యాంకుకు, అక్కడా తేలకపోతే ఎన్‌పీసీఐకి చెప్పుకోవాలి. యాప్‌లో లావాదేవీల చరిత్రలోకి వెళ్లి, ఆ చెల్లింపును తెరిచి, సహాయం లేదా ఫిర్యాదు అనే మీట నొక్కితే చాలు. ఇది వట్టి సందేశం కాదు. ఆ ఫిర్యాదు ఎన్‌పీసీఐ వివాద పరిష్కార వ్యవస్థ ద్వారా బ్యాంకులకు చేరుతుంది. తాజా స్థితి ఏమిటో కూడా అక్కడే తెలుస్తుంది. ఫిర్యాదు సంఖ్యను తెరచిత్రంతో సహా భద్రపరచుకోవాలి.

వరుస ఏదైనా, ఖాతా ఉన్న బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వడాన్ని వాయిదా వేయకపోవడం మంచిది. ఇందుకు రెండు కారణాలు ఉన్నాయి. అవతలి బ్యాంకు నుంచి సొమ్మును వెనక్కి కోరుతూ అధికారికంగా వివాదం లేవనెత్తగలిగేది మన బ్యాంకే. ఖాతాదారు నేరుగా అవతలి బ్యాంకును ఆ పని చేయించలేరు. రెండో కారణం, రేపు అంబుడ్స్‌మన్ దాకా వెళ్లాల్సి వస్తే, ముందుగా బ్యాంకుకు ఫిర్యాదు చేసినట్లు రుజువు చూపాలి. ముప్పై రోజుల లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది.

కౌంటర్ దగ్గర నోటిమాటగా చెప్పి వచ్చింది ఈ లెక్కలోకి రాదు. బ్యాంకు వెబ్‌సైట్‌లోనో, యాప్‌లోనో ఫిర్యాదు నమోదు చేసి సంఖ్య తీసుకోవాలి. లేదంటే శాఖలో కాగితం ఇచ్చి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. ఆ తల్లి సోమవారం ఉదయం తన బ్యాంకు శాఖలో ఇచ్చిన కాగితం దాదాపు ఇలా ఉంటుంది:

‘‘మేనేజరు గారికి,

నా పొదుపు ఖాతా (చివరి నాలుగు అంకెలు ....) నుంచి శుక్రవారం, .... తేదీన సాయంత్రం 6.40 గంటలకు యూపీఐ ద్వారా 12,000 రూపాయలు డెబిట్ అయ్యాయి. లావాదేవీ సంఖ్య (12 అంకెలు) .... . నా యూపీఐ ఐడీ .... . పంపిన యూపీఐ ఐడీ .... . యాప్‌లో ఈ చెల్లింపు Pending అని చూపిస్తోంది. ఈ సొమ్ము అవతలి ఖాతాలో ఈ రోజు వరకు జమ కాలేదు. నా ఖాతాకూ తిరిగి రాలేదు.

అవతలి బ్యాంకుతో వివాదాన్ని నమోదు చేసి, సొమ్మును నా ఖాతాలో తిరిగి జమ చేయగలరు. విఫలమైన లావాదేవీలపై రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబర్ 20న జారీ చేసిన సర్క్యులర్ ప్రకారం, మరుసటి రోజు గడువు దాటిన తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారాన్ని కూడా జమ చేయగలరు. సొమ్ము అవతలి ఖాతాలో జమ అయిందని మీ రికార్డులు చెబుతుంటే, ఏ తేదీన, ఏ సమయానికి జమ అయిందో రాతపూర్వకంగా తెలియజేయగలరు.

జతపరచినవి: డెబిట్ సందేశం, యాప్ తెరచిత్రం, నా ఖాతా స్టేట్‌మెంట్, అవతలి ఖాతా స్టేట్‌మెంట్.’’

ఈ లేఖలో కోపం లేదు, కష్టాల కథ లేదు. హాస్టల్ ఫీజు ప్రస్తావన కూడా లేదు. ఫిర్యాదును పరిష్కరించే విభాగానికి శాఖ నుంచి వెళ్లేవి ఆ 12 అంకెలూ, తేదీ, మొత్తమూ మాత్రమే. వాటిని వెతుక్కునే పని లేకుండా మొదటి వాక్యాల్లోనే ఉంచడం ముఖ్యం. పిన్, ఓటీపీ, కార్డు వెనుక ఉండే మూడు అంకెలు మాత్రం ఏ ఫిర్యాదులోనూ, ఎవరికీ ఇవ్వకూడదు. వాటి అవసరం బ్యాంకుకు ఎప్పుడూ రాదు.

‘మా వైపు నుంచి సక్సెస్’ అంటే?

ఇలాంటి ఫిర్యాదుల్లో ఎక్కువ మంది ఆగిపోయేది ఈ మాట దగ్గరే. లావాదేవీ విజయవంతమైంది, అవతలి బ్యాంకును సంప్రదించండి అని మన బ్యాంకు చెబుతుంది. అవతలి బ్యాంకుకు వెళితే, పంపినవారి బ్యాంకును అడగండి అంటారు. బంతిలా అటూ ఇటూ తిరగడమే మిగులుతుంది.

దీన్ని దాటడానికి ఉపయోగపడేది అందుకునేవారి ఖాతా స్టేట్‌మెంట్. డబ్బు పంపిన రోజు నుంచి ఫిర్యాదు ఇచ్చే రోజు వరకు ఉన్న స్టేట్‌మెంట్‌ను కుమార్తె తన బ్యాంకు యాప్ నుంచే తీసుకోవచ్చు. అందులో 12,000 రూపాయల జమ లేకపోతే, ‘సక్సెస్’ అనే మాటకు అదే జవాబు. ఆ కాగితం చేతిలో ఉన్నప్పుడు మన బ్యాంకు అవతలి బ్యాంకుపై వివాదాన్ని నమోదు చేయడానికి తగిన ఆధారం ఉన్నట్లే.

అప్పుడు అవతలి బ్యాంకు ముందు రెండు దారులే ఉంటాయి. ఖాతాలో జమ చేసినట్లు ధ్రువీకరణ ఇవ్వడం, లేదా సొమ్మును తిరిగి పంపడం. గతంలో ఒక చిక్కు ఉండేది. పంపినవారి బ్యాంకు వివాదం నమోదు చేసే సమయానికే అవతలి బ్యాంకు సొమ్మును తిప్పి పంపుతూ ఉండేది. ఆ సంగతి ఒకరికొకరికి తెలియక ఫిర్యాదులు పేరుకుపోయేవి. అవతలి బ్యాంకు ఇచ్చిన ధ్రువీకరణను బట్టి, లేదా అది తిప్పి పంపిన సొమ్మును బట్టి ఆ వివాదం దానంతట అదే తేలిపోయేలా 2025 ఫిబ్రవరిలో ఎన్‌పీసీఐ మార్పు తెచ్చింది.

జమ చేశామనే ధ్రువీకరణ వస్తే మాత్రం ఆ తేదీ, సమయం తీసుకుని కుమార్తె తన బ్యాంకులో వెతికించుకోవాలి. మరో ఖాతాలో పడిందన్న సంగతి చాలాసార్లు తేలేది ఈ దశలోనే. జమ చేశామని బ్యాంకు చెబుతున్నా ఏ ఖాతాలోనూ కనిపించకపోతే, అప్పుడు ఫిర్యాదు చేయాల్సింది కుమార్తె, తన బ్యాంకు మీద.

ముప్పై రోజులు దాటితే

బ్యాంకు ఫిర్యాదును తిరస్కరించినా, ఇచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా, ముప్పై రోజులు గడిచినా జవాబే రాకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఒకప్పుడు బ్యాంకులకు ఒకరు, డిజిటల్ చెల్లింపులకు మరొకరు అంటూ వేర్వేరు అంబుడ్స్‌మన్‌లు ఉండేవారు. 2021 నవంబర్‌లో వాటిని ఒకే గొడుగు కిందికి తెచ్చారు. ఇప్పుడు ఏ ఊరివారైనా cms.rbi.org.in అనే వెబ్‌సైట్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. రుసుము లేదు, న్యాయవాది అవసరమూ లేదు. ఎలా నమోదు చేయాలో తెలియనివారు 14448 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు.

అక్కడ ఫిర్యాదులు తిరస్కరణకు గురయ్యే ముఖ్య కారణాల్లో ఒకటి చాలా చిన్నది. బ్యాంకుకు ముందు ఫిర్యాదు చేయకుండా, లేదా చేసి ముప్పై రోజులు ఆగకుండా నేరుగా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లడం. బ్యాంకు ఇచ్చిన ఫిర్యాదు సంఖ్య, ముద్ర వేసిన నకలు ఇక్కడే అక్కరకొస్తాయి. అదే వ్యవహారం కోర్టులో నడుస్తున్నా అంబుడ్స్‌మన్ స్వీకరించరు. అలాగని నెలల తరబడి నాన్చడమూ మంచిది కాదు, అక్కడ ఫిర్యాదు చేయడానికీ కాలపరిమితి ఉంటుంది.

ఏది ఈ కోవలోకి రాదు?

ఒక అంకె తప్పు నొక్కి మరెవరికో డబ్బు పంపితే, అది విఫలమైన లావాదేవీ కాదు. వ్యవస్థ దృష్టిలో అది పూర్తయిన చెల్లింపు. రోజుకు వంద రూపాయల నియమం దానికి వర్తించదు. అప్పుడు కూడా బ్యాంకుకు వెంటనే చెప్పాలి. బ్యాంకు అవతలి బ్యాంకు ద్వారా ఆ ఖాతాదారును సంప్రదిస్తుంది. ఆయన ఒప్పుకుంటే సొమ్ము తిరిగి వస్తుంది. పిన్ నొక్కే ముందు తెరపై కనిపించే, బ్యాంకు రికార్డుల్లోని పేరును ఒకసారి చదవడం ఈ చిక్కును చాలావరకు తప్పిస్తుంది.

మోసపోయి పంపిన సొమ్ము కూడా ఈ దారిలో రాదు. దానికి 1930 నంబరుకు ఎంత త్వరగా ఫోన్ చేస్తే అంత మంచిది.

ఈ రెండూ కలిసే చోటు ఒకటి ఉంది. డబ్బు ఆగిపోయిన కంగారులో చాలామంది ఇంటర్నెట్‌లో ‘కస్టమర్ కేర్ నంబర్’ అని వెతుకుతారు. మోసగాళ్లు సరిగ్గా అక్కడే తమ నంబర్లను ఉంచుతారు. ఫోన్ ఎత్తిన వ్యక్తి ఎంతో మర్యాదగా మాట్లాడి, డబ్బు వెనక్కి పంపిస్తానంటూ ఒక లింకో, తెరను పంచుకునే యాప్‌నో పంపుతాడు. చివరికి పిన్ నొక్కమంటాడు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు. అది పంపడానికే. వాపసు సొమ్ము మన ప్రమేయం లేకుండానే ఖాతాలో పడుతుంది. బ్యాంకు నంబరు కావాలంటే పాస్‌బుక్‌పైనా, డెబిట్ కార్డు వెనుకా ఉంటుంది. సామాజిక మాధ్యమాల్లో బ్యాంకును ట్యాగ్ చేస్తూ తెరచిత్రాలు పెట్టేవారికి కూడా ఇలాంటి ‘సహాయకులు’ నిమిషాల్లో సందేశాలు పంపుతుంటారు.

మన ఉదాహరణలో, ఆ తల్లి సోమవారం శాఖలో కాగితం ఇచ్చి, అప్పటికి ఫీజు కోసం పక్కింటివారి దగ్గర అప్పు తీసుకున్నారు. బుధవారం 12,000 రూపాయలు తిరిగి వచ్చినప్పుడు స్టేట్‌మెంట్‌లో అదే 12 అంకెల సంఖ్యతో జమ కనిపించింది, కానీ 400 రూపాయలు లేవు. ఆమె కొత్త ఫిర్యాదు రాయనవసరం లేదు. సోమవారం ఇచ్చిన కాగితంలో పరిహారం ఇప్పటికే అడిగారు కాబట్టి, దాని సంఖ్యను చూపుతూ ‘సొమ్ము బుధవారం తిరిగి వచ్చింది, నాలుగు రోజుల పరిహారం బాకీ ఉంది, ఫిర్యాదును ముగించవద్దు’ అని రెండు వరుసలు రాసి పంపితే చాలు. బ్యాంకు అప్పటికీ ఇవ్వకపోతే, ముప్పై రోజుల లెక్క ఆ సోమవారం నుంచే నడుస్తూ ఉంటుంది.